పాలు పడని శిశువు: లాక్టోజ్ అసహనం, ఆవుపాల అలర్జీ వేరుపడిన చరిత్ర

ఉపోద్ఘాతం:

‘పాలు పడవు’ అన్నది తెలుగు ఇళ్లలో తరచు వినిపించే మాట. పాలు తాగిన వెంటనే పసిబిడ్డకు ఒళ్లంతా దద్దుర్లు లేచినా, నీళ్ల విరేచనాలై కడుపు ఉబ్బినా, మలంలో నెత్తురు చారలు కనిపించినా పెద్దవాళ్లు ఈ ఒక్క మాటతోనే చెబుతారు. ఈ మాట చాటున రెండు వేర్వేరు స్థితులు ఉన్నాయి. మొదటిది లాక్టోజ్ అసహనం. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము చాలకపోవడం దానికి కారణం. రెండవది ఆవుపాల అలర్జీ. పాలలోని మాంసకృత్తులను శరీర రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా భావించి ఎదిరించడం దానికి కారణం. మొదటిది జీర్ణక్రియకు, రెండవది రోగనిరోధక శక్తికి సంబంధించినవి. మొదటిదానిలో హాని పాల మోతాదును బట్టి ఉంటుంది. రెండవదానిలో ఒక్క చెంచా పాలు కూడా ప్రాణాపాయం కావచ్చు.

వైద్యశాస్త్రం సైతం ఈ రెండింటినీ ఒకేసారి గుర్తించలేదు. మాంసకృత్తుల వల్ల కలిగే హానిని 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో గమనించగా, చక్కెర వల్ల కలిగే హానికి స్పష్టమైన కారణం 1959 తర్వాత గాని తెలియలేదు. ఈ రెండు స్థితులు ఎలా వేరుపడ్డాయి, అంతకాలం ఎందుకు కలిసిపోయి కనిపించాయి, వాటిని గుర్తించే పద్ధతీ ఆహార చికిత్సా ఎలా రూపొందాయి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ఒకే వైద్యుడు, రెండు పరిశీలనలు:

19వ శతాబ్దం చివరినాటికి ఐరోపా నగరాలలో తల్లిపాలు లేని శిశువులకు ఆవుపాలే ఆధారమయ్యాయి. ఈ పోతపాల బిడ్డలలో విరేచనాలు, మరణాలు ఎక్కువగా ఉండేవి. పాలలో చేరే సూక్ష్మజీవులే ఇందుకు ముఖ్య కారణమని గ్రహించిన తర్వాత, 1886లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ శిశువుల పాలను సీసాలలోనే మరిగించి శుద్ధి చేసే సాధనాన్ని ప్రవేశపెట్టాడు. పాలు శుభ్రపడిన కొద్దీ మరొక ప్రశ్న తలెత్తింది. శుద్ధి చేసిన పాలు తాగినా కొందరు శిశువులు ఎందుకు జబ్బు పడుతున్నారు?

ఈ ప్రశ్నకు రెండు వైపుల నుంచీ సమాధానం వెదికిన వైద్యుడు హైన్రిక్ ఫింకెల్‌స్టైన్. 1865లో లైప్‌జిగ్‌లో జన్మించిన ఆయన బెర్లిన్‌లో అనాథ శిశువుల మధ్య పనిచేశాడు. ఆవుపాలు తాగిన శిశువులలో హఠాత్తుగా తలెత్తే తీవ్ర ప్రతిచర్యలను 1905లో ఆయనా, ఆర్తుర్ ష్లోస్‌మన్ అనే మరొక శిశువైద్యుడూ విడివిడిగా వర్ణించారు. ఫింకెల్‌స్టైన్ వర్ణించిన శిశువు మరణించింది. ఆవుపాల అలర్జీ వల్ల సంభవించిన మరణాలలో వైద్య గ్రంథాలకెక్కిన తొలి ఉదాహరణగా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. ఆ పాలలో మురికి లేదు, సూక్ష్మజీవులు లేవు. పరజాతి మాంసకృత్తే ఆ శిశువుకు విషమైంది.

ఐదేళ్ల తర్వాత 1910లో అదే ఫింకెల్‌స్టైన్, లుడ్విగ్ మేయర్‌తో కలిసి, మరొక రకపు విరేచనాలకు పూర్తిగా భిన్నమైన చికిత్సను ప్రతిపాదించాడు. పుల్లని వాసనతో, నురగతో వచ్చే విరేచనాలకు పాలలోని చక్కెర పేగులో పులియడం కారణమని ఆయన భావించాడు. అందుకు ‘మాంసకృత్తుల పాలు’ అనే ఆహారాన్ని తయారుచేయించాడు. ఒక లీటరు పాలను రెన్నెట్‌తో విరగ్గొట్టి, చక్కెర ఎక్కువగా ఉండే విరుగుడు తేటను వడకట్టి పారబోస్తారు. మిగిలిన విరుగుడును సన్నని జల్లెడ గుండా నీటితో రుద్ది, దానికి మజ్జిగ కలుపుతారు. అలా తయారైన పాలలో లాక్టోజ్ తగ్గుతుంది, మాంసకృత్తు నిలుస్తుంది.

ఈ రెండు పరిశీలనలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సమస్య బోధపడుతుంది. చక్కెర అరగని శిశువుకు మేలు చేసే ఈ ఆహారమే 1905 నాటి శిశువు వంటి బిడ్డకు ప్రాణాంతకమవుతుంది. ఒకరికి మందైనది మరొకరికి విషం. అయితే ఏ శిశువు ఏ కోవకు చెందుతాడో ముందుగా తేల్చే పరీక్ష ఏదీ ఆనాటి వైద్యుని చేతిలో లేదు.

2. మాంసకృత్తు వైపు – అలర్జీకి పేరు, నిర్ధారణకు నియమం:

1902లో పారిస్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే ‘అనాఫిలాక్సిస్’ అనే తీవ్ర ప్రతిచర్యను వర్ణించారు. 1906లో వియన్నాకు చెందిన క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘అలర్జీ’ అనే పదాన్ని సృష్టించాడు. 1912లో న్యూయార్క్ వైద్యుడు ఆస్కార్ ష్లాస్, ఆహారపదార్థాల సారాన్ని చర్మంపై పరీక్షించి, గుడ్డు మొదలైన పదార్థాలు పడని ఒక బాలునిలో అలర్జీని చూపాడు. ఈ ప్రతిచర్యకు మూలమైన ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని 1960ల ద్వితీయార్ధంలో ఇషిజకా దంపతులు అమెరికాలోనూ, యోహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లోనూ గుర్తించారు.

చర్మపరీక్ష వచ్చినంత మాత్రాన చిక్కు తొలగలేదు. శరీరంలో ఒక పదార్థానికి ప్రతిరక్షకాలు ఉన్నా, ఆ పదార్థాన్ని తిన్నప్పుడు జబ్బు రాకపోవచ్చు. అంతేకాక, పాల అలర్జీలోని ఒక పెద్ద భాగంలో ఐజీఈ పాత్రే ఉండదు. మలంలో నెత్తురు, ఆలస్యంగా వచ్చే వాంతులు వంటివి ఈ కోవకు చెందుతాయి. వాటిని చర్మపరీక్షగానీ రక్తపరీక్షగానీ పట్టుకోలేవు.

అందువల్ల 1963లో గోల్డ్‌మన్, ఆయన సహచరులు శిశువు అనుభవాన్నే పరీక్షగా మార్చారు. పాలు మానిపించినప్పుడు లక్షణాలు తగ్గాలి. తిరిగి ఇచ్చిన 48 గంటల లోపల అవే లక్షణాలు రావాలి. ఇలా మూడుసార్లు జరగాలి, మూడుసార్లూ లక్షణాల తీరు ఒకే విధంగా ఉండాలి. శాస్త్రీయంగా ఈ నియమం పటిష్ఠమైనదే గాని, తీవ్ర అలర్జీ ఉన్న బిడ్డపై మూడుసార్లు ప్రయోగించడం ప్రమాదకరం. కాలక్రమంలో సంఖ్య తగ్గింది, సూత్రం మాత్రం మిగిలింది: మానిపించి చూడాలి, తిరిగి ఇచ్చి నిర్ధారించుకోవాలి. 1976లో చార్ల్స్ మే, ఏ మోతాదులో ఆహారం ఉందో రోగికీ పరిశీలకునికీ తెలియని పద్ధతిని ఆహార అలర్జీ పరీక్షకు తెచ్చాడు. తల్లిదండ్రుల భయమూ వైద్యుని ఊహా ఫలితాన్ని ప్రభావితం చేయకుండా ఉండడమే దీని ఉద్దేశం.

3. చక్కెర వైపు – ఎంజైము, మంచం పక్కన పరీక్ష:

1921లో అమెరికన్ శిశువైద్యుడు జాన్ హౌలండ్, కొందరు పిల్లలు పిండిపదార్థాలను దీర్ఘకాలం సహించలేకపోవడాన్ని ప్రస్తావించాడు. కానీ కారణం ఎంజైము లోపమని తేలడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1959లో మాంచెస్టర్‌కు చెందిన హోల్జెల్, ష్వార్జ్, సట్‌క్లిఫ్ అనే వైద్యులు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. లాక్టోజ్ పేగు నుంచి శోషణ చెందని కారణంగా శిశువులు చిక్కిపోవడాన్ని, ఆ చక్కెరను ఆహారం నుంచి తొలగించినప్పుడు కోలుకోవడాన్ని అందులో చూపారు.

లాక్టేజ్ ఎంజైము చిన్నపేగు లోపలి పొరలోని వేళ్ల వంటి మొలకల చివరి భాగంలో ఉంటుంది. అది లాక్టోజ్‌ను గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. ఎంజైము చాలకపోతే విడిపోని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి, నీటిని తనవైపు లాగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఆమ్లాలను, వాయువులను పుట్టిస్తాయి. నీళ్ల విరేచనాలు, కడుపుబ్బరం, పుల్లని వాసన, మలద్వారం చుట్టూ చర్మం కమిలి ఎర్రబడడం అన్నీ ఈ ఒక్క ప్రక్రియ ఫలితాలే. దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు, మలంలో నెత్తురు ఈ ప్రక్రియ వల్ల రావు.

1964లో కెర్రీ, షార్లెట్ ఆండర్సన్ దీనికి తేలికైన పరీక్షను వర్ణించారు. డయాపర్ పీల్చుకోకముందే సేకరించిన తాజా మలంలోని ద్రవభాగాన్ని ఒక వంతు తీసుకొని, రెండు వంతుల నీరు కలుపుతారు. అందులోంచి 15 చుక్కలలో క్లినిటెస్ట్ బిళ్ల వేస్తారు. రంగు మార్పును బట్టి జీర్ణం కాని చక్కెర ఎంతుందో తెలుస్తుంది. అది అర శాతానికి మించితే అసాధారణంగా పరిగణిస్తారు. మలం పీహెచ్ 5.5 కంటే తక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. తల్లిపాలు మాత్రమే తాగే ఆరోగ్యవంతమైన శిశువు మలం కూడా సహజంగానే ఆమ్లగుణంతో ఉండి, కొంత చక్కెరను చూపుతుంది. బరువు చక్కగా పెరుగుతున్న బిడ్డలో ఈ ఫలితం ఒక్కదానినే పట్టుకొని తల్లిపాలు మానిపించడం పొరపాటు.

4. రెండింటినీ కప్పేసిన ఆహారం:

ఈ రెండు స్థితులు చాలాకాలం కలిసిపోయి కనిపించడానికి పరీక్షల లేమి ఒక కారణం. చికిత్సగా ఇచ్చిన ఆహారమే మరొక కారణం. 1909లో బాల్టిమోర్ వైద్యుడు జాన్ రూరా శిశువులకు సోయా చిక్కుడు ఆహారాన్ని ఉపయోగించి చూశాడు. 1929లో హిల్, స్టూవర్ట్ దానిని పాలు పడని శిశువుల కోసం ప్రత్యేకంగా రూపొందించారు. 1942లో పాలలోని కేసీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన న్యూట్రామిజెన్ అమెరికాలో వచ్చింది.

సోయా పాలలో ఆవుపాల మాంసకృత్తూ లేదు, లాక్టోజూ లేదు. న్యూట్రామిజెన్‌లో మాంసకృత్తు విడిపోయి ఉంటుంది, లాక్టోజ్ ఉండదు. కాబట్టి ఆవుపాలు మాని వీటిని తాగిన శిశువు కోలుకుంటే, ఏది తొలగినందువల్ల కోలుకున్నాడో చెప్పలేం. చికిత్స ఫలించడమే నిర్ధారణ అనుకున్న చోట రెండు స్థితులూ ఒకటిగానే నమోదయ్యాయి. ఒకసారి ఒక అంశాన్ని మాత్రమే తొలగించి, తిరిగి ఇచ్చి చూడాలన్న గోల్డ్‌మన్ నియమం విలువ ఇక్కడ తెలుస్తుంది.

5. నేటి నిర్ధారణ క్రమం – మూడు ఉదాహరణలు:

ఈ చరిత్ర నుంచి రూపొందిన తర్కాన్ని మూడు ఊహాత్మక ఉదాహరణలతో వివరించవచ్చు.

మొదటి శిశువు వయసు ఐదు నెలలు. అంతవరకు తల్లిపాలే తాగి బాగా పెరిగాడు. తల్లి ఉద్యోగంలో చేరడంతో ఇంట్లోవాళ్లు గేదెపాలలో నీళ్లు కలిపి రెండు చెంచాలు పట్టారు. పావుగంటలో పెదవులు ఉబ్బాయి, ఒంటిపై దద్దుర్లు లేచాయి, వాంతి అయింది. ఇక్కడ లాక్టోజ్‌ను అనుమానించనవసరం లేదు. తల్లిపాలలో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఆవుపాలలో సుమారు 4.7 గ్రాములే. తల్లిపాలను ఐదు నెలలు అరిగించుకున్న బిడ్డ రెండు చెంచాల నీళ్లపాల చక్కెరకు జబ్బు పడడు. కొత్తగా చేరింది మాంసకృత్తు. రెండు గంటల లోపల కనిపించే ఇటువంటి లక్షణాలు ఐజీఈ అలర్జీని సూచిస్తాయి. చర్మపరీక్షగానీ రక్తపరీక్షగానీ దీనిని బలపరుస్తాయి. ఈ బిడ్డకు ఇంట్లో మళ్లీ పాలు పట్టి చూడకూడదు; ఆ పరీక్ష ఆసుపత్రిలోనే జరగాలి. ఊపిరి ఆడకపోవడం, బిడ్డ వాలిపోవడం కనిపిస్తే తొడ బయటి కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ తక్షణ చికిత్స. మోతాదు బరువు కిలోకు 0.01 మిల్లీగ్రాము.

రెండవ శిశువు వయసు ఎనిమిది నెలలు. పోతపాలపై ఏ ఇబ్బందీ లేకుండా పెరిగాడు. వాంతులు, జ్వరంతో విరేచనాలు పట్టుకున్నాయి. జ్వరం తగ్గింది గాని పదహారు రోజులైనా పాలు తాగిన ప్రతిసారీ నురగతో పుల్లని విరేచనం అవుతోంది, పిరుదులు కమిలాయి. మలం పీహెచ్ 5, చక్కెర అర శాతానికి పైన. దద్దుర్లు లేవు, నెత్తురు లేదు. పేగు పొర దెబ్బతిన్నప్పుడు మొలకల కొసన ఉన్న లాక్టేజ్ ముందుగా తగ్గి, ఆలస్యంగా కోలుకుంటుంది. ఇది తాత్కాలిక లాక్టోజ్ అసహనం. శిశువులలో కనిపించే లాక్టోజ్ అసహనంలో ఎక్కువ భాగం ఇదే. పుట్టుకతోనే లాక్టేజ్ లేకపోవడం అత్యంత అరుదు. ఫిన్లాండ్‌లో సైతం దాదాపు 60,000 జననాలకు ఒకటిగా లెక్కించారు. అటువంటి బిడ్డకు తల్లిపాలతోనే తొలి రోజులలో తీవ్ర విరేచనాలు మొదలవుతాయి.

మూడవ శిశువు వయసు రెండు నెలలు. తల్లిపాలు తప్ప మరేదీ తాగలేదు. బరువు పెరుగుతున్నాడు, హుషారుగా ఉన్నాడు, కానీ మలంలో జిగురు, నెత్తురు చారలు కనిపిస్తున్నాయి. మలద్వారం వద్ద చీలిక లేదని, పేగులో ఇన్‌ఫెక్షన్ లేదని ముందుగా తేల్చుకోవాలి. ఆ తర్వాత తల్లి తిన్న పాలపదార్థాల మాంసకృత్తు స్వల్పంగా తన పాలలోకి చేరడం వల్ల కలిగిన అలర్జీని అనుమానించవచ్చు. ఇది ఐజీఈ లేని రకం, రక్తపరీక్షలో కనిపించదు. తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పన్నీరు, పాలపొడి చేరిన బిస్కెట్లు మానుతుంది. నెత్తురు ఆగితే ఆమె తిరిగి పాలు తీసుకుంటుంది. లక్షణం మళ్లీ వస్తేనే నిర్ధారణ పూర్తవుతుంది. ఈ రెండవ మెట్టును చాలా ఇళ్లలో వదిలేస్తారు. దానంతట అదే తగ్గిన నెత్తురును పాలు మానినందువల్లే తగ్గిందనుకొని, తల్లి నెలల తరబడి అనవసరమైన పథ్యం చేయవలసివస్తుంది.

6. ఆహార నియమాలలోని భేదం:

మూడు ఉదాహరణలకూ మూడు రకాల ఆహారం అవసరం. మొదటి బిడ్డకు తల్లిపాలు కొనసాగాలి. తల్లిపాలు చాలకపోతే మాంసకృత్తును బాగా విడగొట్టిన ప్రత్యేక పాలపొడి వాడాలి. దానికీ ప్రతిచర్య చూపే కొద్దిమంది బిడ్డలకు అమైనో ఆమ్లాలతో మాత్రమే తయారైన పాలపొడి అవసరం. ‘లాక్టోజ్ లేని పాలు’ ఇక్కడ పనికిరావు. వాటిలో చక్కెర మాత్రమే పోయింది, మాంసకృత్తు అలాగే ఉంది. గేదెపాలు, మేకపాలు కూడా ప్రత్యామ్నాయాలు కావు. వాటి మాంసకృత్తులు ఆవుపాలవాటిని ఎంతగా పోలి ఉంటాయంటే, ఆవుపాలు పడని శిశువులలో అత్యధికులు వాటికీ ప్రతిచర్య చూపుతారు. పెరుగులో లాక్టోజ్ కొంత తగ్గుతుందే గాని మాంసకృత్తు పోదు.

రెండవ బిడ్డకు మాంసకృత్తును మానిపించనవసరం లేదు. తల్లిపాలు తాగుతుంటే వాటిని ఆపకూడదు. విరేచనాలు మొదలైన తొలి రోజులలోనే పాలు మానిపించడం కూడా సరికాదు. నీరూ లవణాలూ కోల్పోకుండా ఓఆర్ఎస్ పట్టడం, జింకు ఇవ్వడం ముందు చేయవలసిన పనులు. రెండు వారాలు దాటినప్పుడు మాత్రమే పాలను తగ్గించి, అన్నంతో కలిపిన పెరుగు, మెత్తని పప్పన్నం వంటివి పెట్టడం, అవసరమైతే కొద్ది వారాలు లాక్టోజ్ లేని పాలపొడి వాడడం తగిన మార్గం. పేగు కోలుకున్నాక పాలను క్రమంగా తిరిగి ఇవ్వాలి.

మూడవ బిడ్డ తల్లి పాలిస్తూనే పథ్యం చేయాలి. ఆ కాలంలో ఆమెకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, విటమిన్ డి అందాలి. రాగి, నువ్వులు, ఆకుకూరలు కొంత తోడ్పడతాయి గాని చాలాసార్లు మాత్రలు అవసరమవుతాయి. పాల అలర్జీ సాధారణంగా శాశ్వతం కాదు. పిల్లలలో అధికులు బడి వయసు వచ్చేసరికి దానిని దాటిపోతారు. అందువల్ల ఆరు నెలలకో ఏడాదికో తిరిగి పరీక్షించకుండా పథ్యం కొనసాగించకూడదు.

7. తెలుగు ప్రాంతం – పెద్దల లెక్క శిశువులకు వర్తించదు:

1972లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వినోదినీ రెడ్డి, సహపరిశోధకుడు పెర్షాద్ భారతీయులలో లాక్టేజ్ లోపంపై పరిశోధన ప్రచురించారు. 1981లో టాండన్, సహచరులు పరీక్షించిన దక్షిణ భారతీయులలో సుమారు మూడింట రెండు వంతులమందికి లాక్టోజ్ పడలేదు. ఉత్తర భారతీయులలో ఇది నాలుగో వంతుకు కాస్త పైన ఉంది. ఈ అంకెలను చూసి తెలుగు శిశువులలో లాక్టోజ్ అసహనం ఎక్కువని అనుకోవడం తప్పు. పెద్దలలో కనిపించేది వయసుతో పాటు లాక్టేజ్ సహజంగా తగ్గడం. అది పాలు మాన్పించే వయసు దాటాక క్రమంగా మొదలవుతుంది. శైశవంలో లాక్టేజ్ పుష్కలంగా ఉంటుంది. ‘నాకు పాలు పడవు, నా మనవడికీ పడవు’ అనే నానమ్మ మాటలో అనుభవం నిజం, అనుమానం తప్పు. మనవడికి నిజంగా పాలు పడకపోతే దానికి మరో కారణం వెదకాలి.

దీనికి వ్యతిరేక దిశలోనూ ప్రమాదం ఉంది. ఐరోపాలో పుట్టుక నుంచి శిశువులను అనుసరించి, పాలు తాగించి నిర్ధారించిన ఒక అధ్యయనంలో ఆవుపాల అలర్జీ ఒక శాతం కంటే తక్కువ మందిలోనే తేలింది. అయినా ఇంగ్లండులో 2006, 2016 మధ్య ప్రత్యేక పాలపొడుల సిఫారసులు దాదాపు ఆరు రెట్లయ్యాయని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వెల్లడించింది. ఏడుపు, కక్కడం, చర్మంపై మామూలు పొక్కులు కూడా అలర్జీగా లెక్కకు రావడం ఇందుకు ఒక కారణం. భారతదేశంలో శిశువుల పాలపొడి ప్రచారాన్ని 1992 నాటి చట్టం నిషేధిస్తుంది. అయితే నిర్ధారణ లేకుండా తల్లిపాలు మానిపిస్తే ఆ చట్టం కాపాడదలచిన మేలు శిశువుకు ఇంట్లోనే దూరమవుతుంది.

ముగింపు:

1905లో ఫింకెల్‌స్టైన్ చూసిన శిశువూ, 1910లో ఆయన మాంసకృత్తుల పాలతో నయం చేయదలచిన శిశువూ పైకి ఒకేలా కనిపించారు. వారిని వేరుచేసినవి మూడు ప్రశ్నలు: లక్షణం ఎంతసేపటికి వచ్చింది, చర్మమూ ఊపిరీ నెత్తురూ ఇందులో చేరాయా, బిడ్డ అంతవరకు తల్లిపాలను అరిగించుకున్నాడా. ఈ ప్రశ్నల వెనుక 1959 నాటి ఎంజైము అవగాహన, 1963 నాటి నిర్ధారణ నియమం, 1964 నాటి మంచం పక్కన పరీక్ష ఉన్నాయి. ‘పాలు పడవు’ అన్న మాట ఇంట్లో వినిపించినప్పుడు ‘పాలలో ఏది పడదు?’ అని అడగడంతో నిర్ధారణ మొదలవుతుంది. చక్కెర పడని బిడ్డకు కొద్ది వారాల సర్దుబాటు చాలు. మాంసకృత్తు పడని బిడ్డకు ‘లాక్టోజ్ లేని’ అన్న చీటీ ఉన్న డబ్బా కూడా ప్రమాదమే.